సౌదీ తిరుగు టికెట్టు తేదీ మార్చమని కంపెనీ ట్రావెల్ డెస్క్‌కి ఎలా రాయాలి

ప్రశ్న: మాది సోంపేట దగ్గర పల్లె. మా ఆయన సౌదీలో జుబైల్‌లో వెల్డరు. డిసెంబర్ 18న అక్కడ బయలుదేరి సెలవుకి వచ్చారు. కంపెనీ ఇచ్చిన తిరుగు టికెట్టు హైదరాబాద్ నుంచి దమ్మాంకి, జనవరి 18 తెల్లవారుజామున. విశాఖ నుంచి హైదరాబాద్‌కి 17న మేమే వేరే టికెట్టు కొనుక్కున్నాం. ఇప్పుడు మా అత్తయ్యకి 21న విశాఖలో గాల్ బ్లాడర్ ఆపరేషన్ అన్నారు. కంపెనీ ట్రావెల్ డెస్క్ వాట్సాప్‌కి గురువారం రాత్రి "డేట్ చేంజ్ ప్లీజ్" అని పెట్టారు. ఈరోజు శనివారం, ఇంకా జవాబు లేదు. టెన్షన్‌గా ఉంది. ఏం రాయాలి, ఏ తేదీలు అడగాలి?

జవాబు:

అమ్మా, ముందు ఆ టెన్షన్ సంగతి. మీరు గురువారం రాత్రి పెట్టారు. సౌదీలో వారాంతపు సెలవు శుక్రవారం, శనివారం. అంటే మీ మెసేజీ పెట్టాక అక్కడ ఆఫీసు ఇంకా తెరవనే లేదు. వాళ్ల ఆదివారం మనకి సోమవారం లాంటిది. వాళ్ల గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక, కాబట్టి వాళ్ల ఉదయం ఎనిమిది మనకి పదిన్నర. రేపు ఆదివారం పదిన్నరకి ఆ డెస్క్ మనిషి సీట్లో కూర్చునేసరికి మీ మెయిల్ వాళ్ల ఇన్‌బాక్సులో ఉండాలి. ఈ రాత్రే రాసి పంపేయండి.

నేను శ్రీకాకుళంలో టికెట్ల పని మొదలుపెట్టక ముందు నాలుగేళ్లు ఖోబర్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీ ట్రావెల్ డెస్క్‌లోనే పనిచేశాను. అందుకని ఆ బల్లకి అటు పక్క ఏం జరుగుతుందో చెప్పగలను. సెలవులు అయ్యి ఆదివారం వచ్చేసరికి వాట్సాప్‌లో ఎనభై, తొంభై మెసేజీలు ఉండేవి. అందులో సగం "డేట్ చేంజ్ ప్లీజ్", "టికెట్ పోస్ట్‌పోన్ సార్" లాంటివే. పేరుండదు, నంబరుండదు, ఏ తేదీ నుంచి ఏ తేదీకో ఉండదు. వాట్సాప్ ఫొటోలో దేవుడి బొమ్మ. పేరు పెట్టినవాళ్లదీ అదే తిప్పలు. మన జిల్లా వాళ్లే అప్పారావులు ఆరుగురు ఉండేవాళ్లు మా దగ్గర. వాళ్లని వెతికి, మళ్లీ నాలుగు ప్రశ్నలు వేసి, జవాబు కోసం ఎదురుచూసేలోగా, అన్ని వివరాలూ పెట్టి పంపినవాడి పని అయిపోయేది. నేను మంచివాణ్ణి కాక కాదు, చేతిలో అందింది ముందు చేసేవాణ్ణి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. సెలవు పొడిగించే అధికారం ట్రావెల్ డెస్క్‌కి లేదు. వాళ్లు టికెట్టు కదిపే చేయి మాత్రమే. మీ ఆయన సైట్ సూపర్‌వైజరో, హెచ్‌ఆరో "సెలవు ఫలానా తేదీ దాకా పొడిగించాం" అని రాస్తేనే ఆ చేయి కదులుతుంది. ఆ కాగితం లేకుండా పది మెసేజీలు పెట్టినా ఎవరూ కాదనరు, ఔననరు. ఊరికే చదివి పక్కన పెడతారు. జవాబు రాకపోవడానికి అసలు కారణం నూటికి తొంభైసార్లు ఇదే. కాబట్టి మెయిల్ ఒకటే, కానీ వెళ్లేది ముగ్గురికి: సూపర్‌వైజరుకి, హెచ్‌ఆర్‌కి, ట్రావెల్ డెస్క్‌కి. ఈ రాత్రే సూపర్‌వైజరుకి ఫోను చేసి నోటిమాటగా ఒప్పించుకోండి. రేపు మెయిల్‌కి ఆయన "అప్రూవ్డ్" అని ఒక్క ముక్క జవాబిస్తే చాలు. ఆపరేషన్‌కి ఆసుపత్రివాళ్లు రాసిచ్చిన చీటీ, తేదీ కనిపించేలా ఫొటో తీసి దానికి జత చేయండి.

ఇక తేదీలు. మీరు అడిగినవాటిలో అసలు ఆలోచించాల్సింది ఇదే. "ఎప్పుడైనా పర్వాలేదు సార్, ఫిబ్రవరిలో" అని రాయకండి. అలా రాస్తే వాళ్లకి చవగ్గా దొరికిన రోజు వేసేస్తారు, అది మీకు కుదరకపోతే రెండోసారి మార్పుకి రుసుము మీ నెత్తిన పడుతుంది. ఒకే తేదీ రాయడమూ తప్పే. ఆ రోజు విమానం లేకపోవచ్చు, ఉన్నా మీ టికెట్టు కొన్న ధర తరగతిలో సీటు ఉండకపోవచ్చు. మూడు తేదీలు ఇష్టం వరసలో రాసి, వాటికి ముందొక గట్టు, వెనకొక గట్టు కట్టాలి: ఈ తేదీకి ముందు కుదరదు, ఈ తేదీ దాటకూడదు అని.

ముందు గట్టు డాక్టరు చెబుతారు. ఆపరేషన్ 21 బుధవారం. ఎన్నాళ్లకి మళ్లీ చూపించమంటారో ఇప్పుడే అడగండి. పది రోజులు అన్నారనుకుందాం, అది జనవరి 31 శనివారం. ఆ ఒక్క రోజు ముందువెనకలు చూసుకుని, ఫిబ్రవరి 2 ఉదయం కంటే ముందు ఆయన ఇల్లు కదలడం కుదరదని పెట్టుకోండి.

వెనక గట్టు సౌదీ రీఎంట్రీ, అంటే సెలవుకి వచ్చి మళ్లీ ఆ దేశంలో అడుగుపెట్టడానికి ఇచ్చిన అనుమతి. దీన్ని మరిచిపోయినవాళ్లే ఎక్కువ నష్టపోతారు. టికెట్టు ఏడాది దాకా మార్చుకోవచ్చని ఎవరైనా చెప్పినా, రీఎంట్రీ గడువు దాటాక ఆ టికెట్టుతో విమానం ఎక్కలేరు. మీ ఆయన బయలుదేరేటప్పుడు కంపెనీ తీసిన రీఎంట్రీ కాగితం తీసి చూడండి. అందులో రెండు రకాలుంటాయి. ఒకదాంట్లో "ఇన్ని రోజులు" అని ఉంటుంది, అది దేశం దాటిన రోజు నుంచి లెక్క. రెండోదాంట్లో "ఫలానా తేదీలోపు తిరిగి రావాలి" అని ఉంటుంది, అది ఎప్పుడు బయలుదేరినా మారదు. కాగితం కనపడకపోతే ఆయన ఫోనులో Absher యాప్ ఉంటే అందులో ఉంటుంది, లేదంటే హెచ్‌ఆర్‌ని అడగాలి.

అది అరవై రోజుల రకం అనుకుని లెక్కేద్దాం. డిసెంబర్ 18న దాటారు. ఆ రోజునే ఒకటో రోజుగా లెక్కపెడితే అరవయ్యో రోజు ఫిబ్రవరి 15. ఒక రోజు అటా ఇటా అన్న వాదన మనకెందుకు, 15 అనే పట్టుకోండి. అది దమ్మాంలో పాస్‌పోర్టు మీద ముద్ర పడాల్సిన రోజు, ఇక్కడ బస్సెక్కే రోజు కాదు. విమానం రద్దయినా, పొగమంచు పట్టినా ఇంకో రోజు దొరకాలి కాబట్టి నేనైతే ఐదు రోజులు వెనక్కి జరిగి ఫిబ్రవరి 10 దగ్గర గట్టు వేస్తాను. గడువు దాటిపోతే "వెళ్లాడు, తిరిగి రాలేదు" అని వాళ్ల లెక్కల్లో నమోదయ్యే ప్రమాదం ఉంది. తర్వాత ఆ ఉద్యోగం నిలబెట్టుకోవడం చాలా కష్టం. మనిషి ఇండియాలో ఉండగానే కంపెనీ అక్కడ రుసుము కట్టి గడువు పొడిగించే వీలుంది, అక్కడి నివాస అనుమతి ఇకామా చెల్లుబాటులో ఉంటే. కానీ అది గడువు ముగియకముందే చేయించుకోవడం మంచిది, కంపెనీ తలచుకుంటేనే జరుగుతుంది. ఒకవేళ మీ కాగితంలో గడువు జనవరి చివరికే ఉంటే మాత్రం కథ వేరు: అప్పుడు టికెట్టు కంటే ముందు రీఎంట్రీ పొడిగింపు అడగాలి, అదే మెయిల్‌లో, మొదటి వాక్యంగా.

అయితే ఫిబ్రవరి 2కీ 10కీ మధ్య మూడు తేదీలు కావాలి. ఇక్కడ ఒక గుంట ఉంది, చూసి అడుగేయండి. హైదరాబాద్ నుంచి గల్ఫ్ విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాక, తెల్లవారుజామున వెళతాయి. టికెట్టు మీద ఫిబ్రవరి 3, 02:30 అని ఉంటే మీరు ఎయిర్‌పోర్టులో ఉండాల్సింది 2వ తేదీ రాత్రి పదిన్నర, పదకొండుకి. అంటే విశాఖలో విమానం ఎక్కాల్సింది 2 సాయంత్రం లోపు. మీ సోంపేట నుంచి విశాఖకి కారులో నాలుగు గంటలు పెట్టుకోవాలి. ఆ లెక్కన 2 ఉదయమే ఇంట్లోంచి బయటపడాలి. నా దగ్గర టికెట్టు తీసుకున్న కవిటి అబ్బాయి ఒకడు "మూడో తారీకు రాత్రి" అనుకుని 3 సాయంత్రం నాకు ఫోను చేశాడు, "అన్నా, విశాఖ వచ్చేశాను" అని. అప్పటికి వాడి విమానం దిగి పన్నెండు గంటలయింది. తప్పు వాడిదనే అందరూ అన్నారు గానీ, తేదీ పక్కన "2వ తేదీ రాత్రి" అని పెన్నుతో రాసివ్వని నాదీ తప్పే. అప్పటినుంచి రాస్తున్నాను.

కాబట్టి మెయిల్‌లో తేదీలు ఇలా రాయండి: మొదటి ఇష్టం ఫిబ్రవరి 3 మంగళవారం తెల్లవారుజాము, అంటే సోమవారం రాత్రి. రెండోది 5 గురువారం. మూడోది 8 ఆదివారం. తేదీ పక్కన వారం పేరు తప్పకుండా ఉండాలి. 3 అని రాయబోయి 8 అని పడితే వారం పేరు పట్టిస్తుంది. ఇంకో మాట, 03-02 అని అంకెల్లో రాయొద్దు. అది ఫిబ్రవరి మూడా, మార్చి రెండా అనేది చదివేవాడి దేశాన్ని బట్టి మారుతుంది. నెల పేరు అక్షరాల్లో రాయండి. రాసేముందు ఆ మూడు రోజుల్లో మీ ఎయిర్‌లైన్‌కి అసలు దమ్మాం విమానం ఉందో లేదో వాళ్ల సైట్లో కొత్త టికెట్టు కొనేవాళ్లలా ఒకసారి వెతికి చూడండి. లేని రోజు అడిగితే డెస్క్ వాళ్లు మళ్లీ ప్రశ్న వేస్తారు, మీకు ఇంకో రోజు పోతుంది.

ఇప్పుడు టికెట్టు కాగితం ముందు పెట్టుకోండి. డెస్క్‌కి కావలసినవి దాంట్లోనే ఉన్నాయి. పిఎన్‌ఆర్ అనేది ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన గుర్తు, K7M2QX లాగా ఉంటుంది. కొన్ని కాగితాల మీద రెండు గుర్తులుంటాయి, ఒకటి ట్రావెల్ ఏజెన్సీది, ఒకటి ఎయిర్‌లైన్‌ది. ఏది ఏదో తేల్చుకోలేకపోతే రెండూ రాయండి. దాని కింద ఈ-టికెట్ నంబరు, సాధారణంగా పదమూడు అంకెలు, మొదటి మూడూ ఎయిర్‌లైన్ గుర్తు. కొన్ని చవక ఎయిర్‌లైన్ల కాగితం మీద ఈ నంబరు విడిగా కనిపించదు, పిఎన్‌ఆర్ ఒక్కటే ఉంటుంది. అది మీ పొరపాటు కాదు. సున్నాకీ ఓ అక్షరానికీ, ఒకటికీ ఐకీ తేడా తెలిసేలా చూసి రాయండి, పక్కనే టికెట్టు పిడిఎఫ్ కూడా పెట్టండి. పేరు మాత్రం ఊళ్లో పిలిచేది కాదు, పాస్‌పోర్టులో ఉన్నట్టు అక్షరం పొల్లుపోకుండా. వీటికంటే డెస్క్‌కి ఎక్కువ పనికొచ్చేది కంపెనీ ఉద్యోగి నంబరు. ఆరుగురు అప్పారావుల్లో మీ ఆయన్ని వేరుచేసేది అదే.

ఎయిర్‌లైన్ సైట్లో "Manage Booking" అనే చోట పిఎన్‌ఆర్, ఇంటిపేరు కొడితే టికెట్టు కనబడుతుంది. చూడండి, చూసి ఊరుకోండి. అక్కడ తేదీ మార్చే బటన్ నొక్కకండి. టికెట్టు కంపెనీ ఏజెన్సీ ద్వారా తీసింది. చాలాసార్లు సైటే "మీ ఏజెంటుని అడగండి" అంటుంది. ఒకవేళ ఒప్పుకున్నా డబ్బు మీ కార్డులోంచి పోతుంది, కంపెనీ దాన్ని తిరిగిస్తుందన్న నమ్మకం లేదు. పైగా ఆ తర్వాత డెస్క్‌వాళ్లు అదే టికెట్టు కదపబోతే లెక్క కుదరక గందరగోళం అవుతుంది.

డబ్బు మాట స్పష్టంగా ఉండాలి. తేదీ మార్పుకి అయ్యేది మూడు ముక్కలు: ఎయిర్‌లైన్ మార్పు రుసుము, పాత ఛార్జీకీ ఆ రోజు ఛార్జీకీ తేడా, ఏజెన్సీ సర్వీసు ఛార్జీ. రుసుమొకటే అనుకుని ఒప్పుకుని, తేడా చూసి గుండె పట్టుకునేవాళ్లు ఉంటారు. లెక్క అర్థం కావడానికి చెబుతున్నా, ఇవి మీ టికెట్టు అంకెలు కావు: రుసుము 3,500 రూపాయలు, ఏజెన్సీకి 500. ఈ రెండూ ఏ తేదీకైనా ఒకటే. ఫిబ్రవరి 3న మీ టికెట్టు తరగతిలో సీట్లు అయిపోయి పై తరగతిలోనే ఉంటే తేడా 6,000, మొత్తం 10,000. 5న అదే తరగతి దొరికితే తేడా సున్నా, మొత్తం 4,000. రెండు రోజుల్లో ఆరు వేల తేడా. అందుకే మెయిల్‌లో "మార్చండి" అనకూడదు, "మూడు తేదీలకీ మొత్తం ఎంతవుతుందో చెప్పండి, మేం ఔనన్నాక మార్చండి" అనాలి. ఒకసారి కొత్త టికెట్టు వచ్చేశాక వెనక్కి తీసుకోవడం ఉండదు.

కానీ దానికో చిక్కుంది. వాళ్లు చెప్పిన రేటు సీటు ఉన్నంతసేపే, చాలాసార్లు ఆ రోజు వరకే. మీరు రెండు రోజులు ఆలోచిస్తే మారిపోతుంది. సొంత సెలవు పొడిగింపుకి చాలా కంపెనీలు ఖర్చు కార్మికుడి మీదే వేస్తాయి, జీతంలో కోస్తాయి. మీ కంపెనీ ఎలా చేస్తుందో ఆయనకి తెలిసే ఉంటుంది. అందుకని "ఇంత వరకు అయితే మమ్మల్ని అడగకుండానే మార్చేయండి, దాటితే అడగండి" అని ఒక హద్దు ముందే రాసిపెడితే పని ఒకే దఫాలో అవుతుంది. హద్దు ఎంతన్నది మీ ఇంట్లో మాట్లాడుకుని పెట్టుకోండి.

మెయిల్ ఇలా ఉండాలి. అక్కడ ఇంగ్లీషులో పంపాలి, ఆ డెస్క్‌లో మలయాళీ ఉండొచ్చు, ఫిలిప్పీన్స్ అమ్మాయి ఉండొచ్చు. చిన్న చిన్న వాక్యాలు చాలు. ఎవరైనా పిల్లల చేత రాయించండి, నంబర్లూ రీఎంట్రీ గడువూ మీవి వేయండి, వరస మాత్రం మార్చకండి.

విషయం: తేదీ మార్పు, ఉద్యోగి నంబరు 40217, పిఎన్‌ఆర్ K7M2QX, హైదరాబాద్–దమ్మాం, జనవరి 18.

"సార్, నేను జుబైల్ సైట్ వెల్డరుని. ఉద్యోగి నంబరు 40217. పాస్‌పోర్టులో పేరు ఇది, పాస్‌పోర్టు నంబరు ఇది. మా అమ్మకి జనవరి 21న ఆపరేషన్. ఆసుపత్రి చీటీ జత చేశాను. ఫిబ్రవరి 10 వరకు సెలవు పొడిగించమని సూపర్‌వైజరు గారిని కోరుతున్నాను, ఆయన ఈ మెయిల్‌లో ఉన్నారు.

ఇప్పుడున్న టికెట్టు: పిఎన్‌ఆర్ K7M2QX, టికెట్ నంబరు ఇది, హైదరాబాద్ నుంచి దమ్మాం, జనవరి 18 ఆదివారం తెల్లవారుజామున. దమ్మాం నుంచి వచ్చిన ప్రయాణం డిసెంబర్ 18న అయిపోయింది. తిరుగు ప్రయాణం ఒక్కటే మార్చాలి.

కావలసిన తేదీలు, ఈ వరసలో: ఒకటి, ఫిబ్రవరి 3 మంగళవారం. రెండు, ఫిబ్రవరి 5 గురువారం. మూడు, ఫిబ్రవరి 8 ఆదివారం. ఫిబ్రవరి 3కి ముందు రాలేను. నా రీఎంట్రీ ఫిబ్రవరి 15 వరకు ఉంది, కాబట్టి 10 తర్వాత వద్దు. విమానం హైదరాబాద్ నుంచే కావాలి.

మొత్తం ఖర్చు ఇన్ని రియాళ్ల లోపు అయితే మొదట దొరికిన తేదీకి మార్చేయండి, జీతంలో కోసుకోవచ్చు. దాటితే మూడు తేదీల ఖర్చూ చెప్పి నన్ను అడగండి. ఈ ఇండియా నంబరుకి ఎప్పుడైనా ఫోను చేయవచ్చు. జనవరి 15 గురువారం లోపు మార్చకపోతే ఈ టికెట్టు పోతుంది."

అంతే. బతిమాలడాలు, మా ఇంటి కష్టాలు, "కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్"లు వద్దు. "తిరుగు ప్రయాణం ఒక్కటే" అన్న ముక్క ఎందుకంటే, రెండు వైపులా ఒకే పిఎన్‌ఆర్ ఉన్న టికెట్టులో అయిపోయిన భాగం, మిగిలిన భాగం తేల్చడానికి డెస్క్‌వాడు ఒక నిమిషం తడుముకుంటాడు. ఆ నిమిషం మనం మిగల్చాలి. "హైదరాబాద్ నుంచే" అని రాయకపోతే చవగ్గా ఉందని ముంబై నుంచి వేసినవాళ్లూ ఉన్నారు. మెయిల్ పంపిన వెంటనే పాత వాట్సాప్‌లోనే "ఉద్యోగి 40217, తేదీ మార్పు మెయిల్ పంపాను" అని ఒక లైను పెట్టండి. మెయిల్ తెరిపించేది అదే.

చివరి వాక్యంలో 15 గురువారం ఎందుకు రాశానో చూశారా? విమానం 18 ఆదివారం తెల్లవారుజామున. అంతకుముందు శుక్ర, శనివారాలు వాళ్లకి సెలవు. అంటే వాళ్ల చివరి పనిదినం 15. అది మనకి సరిగ్గా సంక్రాంతి రోజు. ఆ రోజు మీ ఇంట్లో ఎవరూ ఫోను ముట్టరు, వాళ్లకి మాత్రం మామూలు గురువారం. అందుకని 13 మంగళవారం ఉదయానికి జవాబు రాకపోతే మెయిల్ మళ్లీ పంపకండి, నేరుగా ఫోను చేయండి. మనకి పదిన్నర నుంచి పన్నెండు లోపు చేస్తే మనిషి సీట్లో దొరుకుతాడు.

గురువారం సాయంత్రానికి కూడా ఏమీ తేలకపోతే ఎయిర్‌లైన్ కాల్ సెంటర్‌కి ఆయన చేతే ఫోను చేయించి, "18న ప్రయాణం చేయడం లేదు, సీటు వదులుకుంటున్నాను, టికెట్టు అలాగే ఉంచగలరా" అని అడగండి. కొన్ని ఎయిర్‌లైన్లు ఏజెన్సీ టికెట్టైనా ఆ మాత్రం చేస్తాయి, కొన్ని చేయవు. కానీ "సీటు వదిలితే టికెట్టు విలువ ఉంటుందా, పోతుందా" అని ముందు అడిగి, ఆ తర్వాతే ఔననండి. చెప్పకుండా ఊరుకుంటే నో-షో అవుతుంది. నో-షో అయిన టికెట్టు మార్చడానికి రుసుము చాలా ఎక్కువ, కొన్ని చవక టికెట్లకైతే మార్పే ఉండదు, కొత్తది కొనాలి.

ఇక మీరు కొన్న విశాఖ–హైదరాబాద్ టికెట్టు. అది వేరే టికెట్టు, వేరే పిఎన్‌ఆర్, కంపెనీకి దాని ఊసే తెలియదు. దమ్మాం టికెట్టు మారినంత మాత్రాన ఇది మారదు. రెండూ ఒకటే అనుకుని వదిలేసినవాళ్లని ఏటా చూస్తున్నాను. అలాగని తొందరపడి దీన్ని ముందు మార్చకండి. దమ్మాం కొత్త తేదీ ఖాయమై, కొత్త టికెట్టు చేతికి వచ్చాకే దీని పని. 3 దొరుకుతుందని మీరు 2కి మార్చుకుని, వాళ్లు 5 ఇచ్చారనుకోండి, మళ్లీ రుసుము. కానీ 17వ తేదీ విమానం వెళ్లేలోపు ఏదో ఒకటి తేల్చాలి.

మార్చాలా, రద్దు చేసి కొత్తది కొనాలా అన్నది రెండు లెక్కలూ వేసి చూడండి. 17 కనుమ మర్నాడు, ఊళ్లకొచ్చిన జనమంతా హైదరాబాద్ తిరిగెళ్లే రోజు. కాబట్టి మీరు దాన్ని ఎక్కువకే కొని ఉంటారు. ఫిబ్రవరి మొదటివారంలో అదే విమానం చవకగా ఉండొచ్చు, అయినా మార్పులో ఆ మిగులు చాలా ఎయిర్‌లైన్లు తిరిగివ్వవు. రద్దు చేస్తే మన విమానయాన నియంత్రణ సంస్థ డిజిసిఎ నిబంధన ప్రకారం రద్దు ఛార్జీ మూల ఛార్జీ, ఇంధన సర్‌ఛార్జీ కలిపినదానికి మించకూడదు. పన్నులు, ఎయిర్‌పోర్టు రుసుములు టికెట్టు నాన్-రిఫండబుల్ అయినా, నో-షో అయినా తిరిగి ఇవ్వాల్సిందే. అడగనివాళ్లకి అవి రావడం మాత్రం నేను తక్కువే చూశాను. కాబట్టి ఒక పక్క మార్పు మొత్తం, ఇంకో పక్క కొత్త టికెట్టు ధరలోంచి రద్దులో తిరిగొచ్చేది తీసేసిన మొత్తం. ఏది తక్కువైతే అది. రైల్లో పోతే ఈ బెడదే లేదు, మీ వైపు నుంచి విశాఖ ఎక్స్‌ప్రెస్ సికింద్రాబాద్ పోతుంది. అయితే ఒక రోజు ముందు బయలుదేరాలి, వెయిటింగ్ లిస్టు నమ్ముకుని గల్ఫ్ విమానానికి పోకూడదు.

సామాను విషయం ఒకటి గుర్తుంచుకోండి. దమ్మాం టికెట్టులో 30 కిలోలు ఉన్నా, విడిగా కొన్న విశాఖ–హైదరాబాద్ టికెట్టులో సాధారణంగా 15 కిలోలే. పండగ అరిసెలూ, ఆవకాయ జాడీలూ, ఉద్దానం జీడిపప్పూ అక్కడే తూకం తప్పిస్తాయి. అదనపు కిలోలు ముందే ఆన్‌లైన్‌లో కొంటే కౌంటర్ దగ్గర కంటే తక్కువ పడుతుంది.

డెస్క్ నుంచి జవాబు వచ్చాక పని అయిపోయిందనుకోవద్దు. "డన్" అని వచ్చిన మెసేజీ టికెట్టు కాదు. సీటు పట్టి ఉంచిన కాగితం వేరు, డబ్బు కట్టి టికెట్టు తీసిన కాగితం వేరు, రెండూ చూడడానికి ఒకలాగే ఉంటాయి. నేను డెస్క్‌లో ఉన్నప్పుడు ఏజెన్సీ వాడు సీటు మాత్రం మార్చి, టికెట్టు తిరగరాయడం మరిచిపోయిన కేసులు రెండు చూశాను. మనిషి కౌంటర్‌కి వెళితే "మీ టికెట్టు పాత తేదీది" అన్నారు. అలాంటిది ఇలా పట్టుకోవచ్చు: పదమూడంకెల నంబరున్న టికెట్టైతే, తేదీ మార్చి ఛార్జీ తేడా కట్టించుకున్నాక సాధారణంగా ఆ నంబరు మారుతుంది. పాత నంబరే ఉంటే "టికెట్టు రీఇష్యూ అయిందా" అని అడగండి. చవక ఎయిర్‌లైన్లలో పిఎన్‌ఆర్ అదే ఉండి తేదీ మాత్రమే మారుతుంది, అది మామూలే. ఏదైనా సరే ఎయిర్‌లైన్ సైట్లో "Manage Booking"లో కొత్త తేదీ, పక్కన "Confirmed" కనిపించాలి. అక్కడ కనిపించకపోతే డెస్క్ ఎంత గట్టిగా చెప్పినా నమ్మకండి.

కొత్త టికెట్టు వచ్చాక దాని మీద మూడు చూడండి: తేదీ వారంతో సరిపోతోందా, పేరు అక్షరాలు పాస్‌పోర్టుతో కలుస్తున్నాయా, సామాను కిలోలు తగ్గలేదు కదా. ఆ కాగితం మీదే మీ చేత్తో "2వ తేదీ సోమవారం రాత్రి పదిన్నరకి ఎయిర్‌పోర్టు" అని రాసి గోడకి అంటించండి. మెయిల్ పంపాక రేపు వాళ్లేమన్నారో ఇక్కడ పెట్టండి, రీఎంట్రీ కాగితంలో ఏముందో కూడా రాయండి. పిఎన్‌ఆర్, పాస్‌పోర్టు నంబరు మాత్రం ఇక్కడ పెట్టకండి. ఆ గుర్తూ ఇంటిపేరూ తెలిసినవాడు ఎవడైనా మీ టికెట్టు తెరవగలడు.